గడ్డం గారి పదవీ విరమణ: విధివిధానాలు

పోలీసు, ఆర్మీ ఎంపికల్లో 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున నాలుగింటికే గ్రౌండ్‌లో ఉండే అభ్యర్థి, కాలి మడమ వాచినా లాంగ్‌జంప్ మానని అభ్యర్థి, గడ్డం మాట ఎత్తగానే ప్రాథమిక హక్కుల గురించి మాట్లాడతాడు. ఆయన బాధ సబబే. ఏడాదిగా నూనె రాసి, దువ్వి, సెల్ఫీల్లో ముందువరసన నిలబెట్టిన గడ్డాన్ని ఉన్నపళంగా తొలగించడం సహజ న్యాయానికి విరుద్ధం. పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చి, గడువు పెట్టి, గౌరవంగా సాగనంపాలి.

ముందు చట్టం సంగతి. మన పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవారికి ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, ఊపిరి బిగిస్తే మరో 5 పెరగాలి అని లెక్కలు కనిపిస్తాయి. గడ్డంతో పరిగెత్తితే స్టాప్‌వాచ్ ఏమీ అలగదు. గడ్డానికి అసలు గండం సెలెక్ట్ అయ్యాక, ట్రైనింగ్ సెంటర్ గేటు దగ్గర కాచుకుని ఉంటుంది. ఆర్మీకి అంత ఓపిక లేదు. ర్యాలీకి తెచ్చే ఫొటోలోనే కటింగ్, షేవింగ్ సక్రమంగా ఉండాలని, సిక్కు అభ్యర్థులకు మాత్రమే మినహాయింపని ముందే చెప్పేస్తుంది. ఇక్కడ మన న్యాయకోవిదుడు లేచి ‘నేవీలో గడ్డాలు ఉన్నాయిగా’ అంటాడు. ఉన్నాయి, అనుమతి తీసుకున్నవారికి. కానీ ఆయన నిలబడింది ఆర్మీ లైన్లో. ఎయిర్‌ఫోర్స్ గడ్డమైతే సుప్రీంకోర్టు మెట్లే ఎక్కింది. జుట్టు కత్తిరించడాన్నీ, ముఖం గీయడాన్నీ నిషేధించే మతం వారికే మినహాయింపు అన్న నియమం సరైనదేనని 2016 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఇక సినిమాలో ఎస్పీ గారికి నిండు గడ్డం ఉంది కదా అనే వాదన మిగిలింది. ఆ ఎస్పీ గారికి జీతమిచ్చేది నిర్మాత.

అయితే అభ్యర్థులను ముంచేది నియమం కాదు, ముందురోజు రాత్రి. ఆర్నెల్లుగా పట్టించుకోని గడ్డం గీసే పని రేపు ఉదయం ఐదింటికి రిపోర్టింగ్ అనగా రాత్రి పదకొండింటికి గుర్తొస్తుంది. హాస్టల్ గదిలో ఎవరిదో వాడేసిన రేజరు, బకెట్లో చన్నీళ్లు, ఒంటి సబ్బు నురగ. మూడు సెంటీమీటర్ల గడ్డం మీద రేజరు పెడితే రెండు గీతలకే బ్లేడు సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుంటాయి. ఇక అది కోయదు, పీకుతుంది. పీకుతోందని గట్టిగా నొక్కుతాడు, నొక్కితే చర్మం తెగుతుంది. నున్నగా రాలేదని కింది నుంచి పైకి ఎదురు గీస్తాడు. ఎదురు గీసినప్పుడు వెంట్రుక చర్మం మట్టానికి కిందుగా తెగి, మళ్లీ పెరిగేటప్పుడు బయటికి దారి దొరక్క లోపలికే వంగుతుంది. ముఖ్యంగా ఉంగరాల గడ్డం వారికి రెండు మూడు రోజుల్లో మెడ నిండా ఎర్రటి పొక్కులు తేలతాయి. మర్నాడు పరుగులో మూడో రౌండుకి చెమట ఆ గాట్లలోకి దిగుతుంది. అప్పుడు ముఖం పెట్టే తీరు చూసి, చివరి రౌండు కోసం పళ్లు బిగించాడని పక్కవాళ్లు మెచ్చుకుంటారు.

మరో చిక్కు రంగు. ఆర్నెల్లు ఎండలో పరిగెత్తిన ముఖంలో నుదురు, ముక్కు, బుగ్గల పైభాగం నల్లబడతాయి. గడ్డం కింద దాక్కున్న చర్మం మాత్రం నీడపట్టున పెరిగినట్టు తెల్లగా ఉంటుంది. రాత్రికి రాత్రి గీసేస్తే పొద్దున ఒకే ముఖంలో ఇద్దరు అభ్యర్థులు హాజరవుతారు.

కాబట్టి విరమణ ప్రక్రియ మూడు వారాల ముందు మొదలవ్వాలి. ఈవెంట్ నెల 25న అనుకుందాం. 4వ తేదీన ట్రిమ్మర్‌తో గడ్డాన్ని రెండు మూడు మిల్లీమీటర్లకు దించాలి, రేజరు ఆ తర్వాతే. గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు తడిపితే వెంట్రుక మెత్తబడుతుంది. షేవింగ్ క్రీము పట్టించి, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన వైపుకే తేలిగ్గా గీయాలి. మెడ దగ్గర వెంట్రుక ఒక్కో చోట ఒక్కో వైపు వాలుతుంది, వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది. తర్వాత రోజు విడిచి రోజు గీస్తూ పోతే చర్మం అలవాటు పడుతుంది, మూడు వారాల ఎండకు రంగు తేడా కూడా తగ్గుతుంది. పొక్కులు వచ్చినా అవి మానడానికి వ్యవధి ఉంటుంది, అప్పటిదాకా ఆ చోట రేజరు ఆపి ట్రిమ్మర్‌తో నెట్టుకురావాలి. చివరి షేవింగ్ 24 సాయంత్రం. 25 పొద్దున గీస్తే మళ్లీ పచ్చి చర్మం మీద చెమటే.

జుట్టుకు వేరే క్యాలెండర్. అది రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు చొప్పున, ఎవరి అనుమతీ అడగకుండా పెరుగుతుంది. 20వ తేదీన పక్కలకూ వెనకకూ ఒకటో నంబరు గార్డు పెట్టి మెషిన్ కొట్టిస్తే 3 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఐదు రోజుల్లో ఐదుకు కాస్త దగ్గరగా వస్తుంది. అంటే నెత్తి మెరవదు, చెవి మీద వెంట్రుక వాలదు. అదే 10వ తేదీన రెండో నంబరుతో కొట్టించి డబ్బు ఆదా చేశాననుకుంటే, 6 మిల్లీమీటర్లు కాస్తా 25 నాటికి 11 అవుతుంది, ఆదా అయిన డబ్బు రెండో కటింగ్‌కి పోతుంది.

షాపులో ‘మిలటరీ కటింగ్’ అని ఆజ్ఞాపించి కళ్లు మూసుకోవడం పెద్ద సాహసం. ఈమధ్య ఆ మాటకు అర్థం చెవుల పైదాకా జీరో, నడినెత్తిన కోడిజుట్టు, పక్కన బ్లేడుతో ఓ గీత. గీతను మాన్పే మందు ఇంతవరకు రాలేదు, పెరిగేదాకా ఆగాల్సిందే. అందుకే ముక్కలు ముక్కలుగా చెప్పాలి: పక్కలు ఒకటో నంబరు, పైన కత్తెరతో రెండు సెంటీమీటర్లు, రెండింటినీ మెల్లగా కలపాలి, చెవి ముందరి సైడ్‌లాక్ చెవి సగానికి ఆపి అడ్డంగా కోయాలి, గీతలు వద్దు. రంగు వేసిన కొసలుంటే అవీ ఈ కోతలోనే పోతాయి. మీసం మీద బెంగ వద్దు, పెదవి మీదికి జారకుండా, నోటి మూలలు దాటి మెలి తిరగకుండా ఉంటే చాలు.

167.2 దగ్గర ఆగిపోయినవారు కొందరు జెల్ పూసి జుట్టు నిలబెట్టుకుని వస్తారు. కొలిచే కడ్డీని నడినెత్తికి తగిలేదాకా దించుతారు కనుక, ఆ నాలుగు మిల్లీమీటర్ల ఆశ కడ్డీ కింద పడుకుంటుంది, వెంట వచ్చిన జెల్ మరకను కానిస్టేబుల్ గుడ్డతో తుడవాల్సి వస్తుంది.

ఒక్క ముందుజాగ్రత్త మాత్రం ఇంకా వెనక్కి జరగాలి, దరఖాస్తు రోజుకి. గడ్డం గీసిన నున్నటి ముఖంతో తీసిన ఫొటో అప్‌లోడ్ చేసి, అదే ఫొటో ప్రింట్లు కొన్ని దాచుకోవాలి. హాల్‌టికెట్‌లో నిండు గడ్డం, గేటు దగ్గర నున్నటి ముఖం, మధ్యలో మొక్కు తీర్చుకుని కొట్టించిన గుండు, ఈ ముగ్గురూ ఒక్కరేనని వెరిఫికేషన్ టేబుల్ దగ్గర నిరూపించుకోవడం 1600 మీటర్ల కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆధార్ కార్డు ఫొటో గురించి మాత్రం దిగులు అక్కర్లేదు. గడ్డం ఉన్నా, తీసినా, అది ఎవరినీ పోలదు.