రాజీనామా అనే రాజద్రోహం

విద్యా సంవత్సరం మధ్యలో ఉపాధ్యాయులు ఉద్యోగం మానేయడం ఎంతటి ఘోరమో మా కరస్పాండెంట్ గారు ఈమధ్య స్టాఫ్ మీటింగులో ముప్పావుగంట సేపు వివరించారు. బదిలీలు, పక్షవాతాలు, కాన్పులు ఏమున్నా మే నెలలో పెట్టుకోవాలట. నేనూ తలూపాను. మే నెలకు మా బడిలో జీతం ఉండదు కాబట్టి కష్టాలు పడటానికి అంతకన్నా అనువైన నెల మరొకటి లేదు.

ఈ ఉపన్యాసానికి కారకురాలు మా పదో తరగతి లెక్కల మేడమ్. బ్యాంకులో పనిచేసే ఆమె భర్తకు అనంతపురం బదిలీ అయింది. గుంటూరు నుంచి రోజూ అనంతపురం వెళ్ళి రావడం కుదరదని ఆమెకు తెలిసింది. కరస్పాండెంట్ గారికి మాత్రం ఇప్పటికీ తెలియలేదు.

నేను ఆ బడిలో టైమ్‌టేబుల్ వేసేవాణ్ణి. ఎవరు మానేసినా ముందు నా రబ్బరే అరుగుతుంది. కాబట్టి ద్రోహం ఎలా జరిగిందో సాక్ష్యం చెప్పే అర్హత నాకుంది. ఆమె నవంబరు రెండో వారంలోనే రెండు నెలల నోటీసుతో ఉత్తరం ఇచ్చింది. సంక్రాంతి సెలవులకు ముందు ఆఖరి పనిదినం తన చివరి రోజు అని రాసింది. ఆ తేదీని కావాలనే ఎంచుకుంది. డిసెంబరు నెలాఖరుకు సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత కూడా అయిపోతాయి. ఆ తరువాత మిగిలేది పునశ్చరణ, ప్రీ ఫైనల్స్, మార్చిలో పబ్లిక్ పరీక్ష. పాఠం సగంలో టీచరు మారితే పిల్లవాడు తెగిపోతాడు, పునశ్చరణలో మారితే తట్టుకుంటాడు.

ఆమెకు వారానికి 28 పీరియడ్లు: పదో తరగతి రెండు సెక్షన్లు, తొమ్మిది రెండు సెక్షన్లు, ఒక్కోదానికి ఏడేసి. కొత్తగా వచ్చేవారిని నేరుగా పదో తరగతిలోకి తోయకూడదని ఆమే నాతో అన్నది. ఈ పిల్లలకు నిరుడు తొమ్మిదిలో లెక్కలు చెప్పిన సారు మా దగ్గరే ఉన్నారు. ఆయన చేతిలో ఎనిమిది, ఏడు తరగతులున్నాయి. ఆయన ఏడో తరగతి వదిలి పదిలోకి వస్తే పిల్లలకు తెలిసిన ముఖమే, ఆయనకు తెలిసిన పిల్లలే. కొత్తవారికి తొమ్మిది, ఏడు మిగులుతాయి, అంటే 26 పీరియడ్లు. నేను ఒక రాత్రి కూర్చుని కలిపి చూశాను. మూడే మూడు చోట్ల ఆయన ఎనిమిదో తరగతికి, పదో తరగతికి ఒకే గంటలో ఉండాల్సి వచ్చింది. తెలుగు, సోషల్ పీరియడ్లను అటూ ఇటూ జరిపితే అది కూడా తీరింది. కొత్తవారు జనవరి ఒకటికి వచ్చి రెండు వారాలు మేడమ్ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంటే చాలు.

ప్రీ ఫైనల్ ప్రశ్నపత్రం అప్పటికే ఆమె తయారుచేసింది. మానేసి వెళ్ళే మనిషి రాసిన పత్రం వాడితే రేపు ఎవరైనా వేలెత్తి చూపవచ్చని దాన్నీ దాని సమాధానాల సూచికనూ సీలు వేసి పరీక్షల ఇన్‌చార్జికి ఇచ్చి, మరొకరి చేత ఇంకో పత్రం రాయించమన్నది. దిద్దిన కట్టలన్నీ లెక్కపెట్టి సంతకం తీసుకుంది. ఇంత పద్ధతిగా చేసిన ద్రోహం మా బడి చరిత్రలో లేదు.

వీటన్నిటికీ మించి ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం రాసింది. ఏ సెక్షన్‌లో ఏ పాఠం ఎంతవరకు, ఎవరికి ఎక్కడ తడబాటు, అన్నీ. ఒక పేజీ నేను చూశాను. ‘బి సెక్షన్‌లో చాలామంది నిమ్న కోణాన్ని గోడ నుంచి కొలుస్తున్నారు. పైనున్న మనిషి కంటి దగ్గర ముందు అడ్డగీత గీయించండి, కోణం దాని కిందనే వస్తుంది’ అని రాసి పక్కన బొమ్మ వేసింది. 60 మీటర్ల భవనం మీద నుంచి 30 డిగ్రీల నిమ్న కోణంలో కారు కనిపిస్తే అది దాదాపు 104 మీటర్ల దూరంలో ఉన్నట్టు. గోడ నుంచి కొలిచినవాడికి 35 మీటర్లు కూడా రాదు. అంటే సరిగ్గా మూడో వంతు. ఇది ఆమె మూడు నెలలు ఆ పిల్లల పుస్తకాలు దిద్దితే తెలిసిన సంగతి.

ఉత్తరం ఏమయిందంటారా? కరస్పాండెంట్ గారి సొరుగులో ఏడు వారాలు తపస్సు చేసింది. ఇద్దరికి పదిహేను రోజులు జీతమిచ్చే ఖర్చు ఎందుకు, కొన్నాళ్ళు పోతే ఆవిడే మనసు మార్చుకుంటుంది అని వారి వ్యూహం. జనవరి రెండున నన్ను పిలిచి ‘ఎవరో వెళ్ళిపోతున్నారట, ఎవరండీ?’ అన్నారు.

ఇక నోడ్యూస్ కాగితం మీద సంతకాల యాత్ర చూసి తీరాలి. మొత్తం పదకొండు. గ్రంథాలయం సరే. బస్సు ఇన్‌చార్జి సంతకం ఎందుకు? ఆమె బ్రాడీపేట నుంచి నడిచి వచ్చేది. ‘బస్సు వాడలేదని రుజువేమిటి మేడమ్?’ అన్నాడాయన. క్యాంటీన్ వాళ్ళు టీ బాకీ లేదని రాసిచ్చారు, ఆమె టీ తాగదు. చివరికి సామగ్రి గుమాస్తా దగ్గర ఆగింది. బోర్డు మీద వృత్తాలు గీసే చెక్క వృత్తలేఖినికి ఒక కాలు లేదు. అది ఆమె చేరకముందు నుంచీ ఒంటికాలి మీదే ఉంది. గుమాస్తా దాన్ని కోర్టులో ఆయుధం చూపించినట్టు బల్ల మీద పెట్టాడు.

‘ఇది విరిగింది కదమ్మా?’

‘నేను వచ్చినప్పుడే అలా ఉందండీ. నేను దారం కట్టి వృత్తాలు గీశాను.’

‘దారం రిజిస్టరులో లేదమ్మా.’

మూడు వందల యాభై రూపాయలు కట్టించుకున్నారు. రసీదు అడిగితే పైన సారు లేరన్నారు.

ఇంతవరకు నవ్వాను. తరువాతది నవ్వే విషయం కాదు. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి, పబ్లిక్ పరీక్షలయ్యాక వచ్చి తీసుకోమన్నారు. లేదంటే బాండులో ఉన్నట్టు మూడు నెలల జీతం కట్టాలట. బాండులో ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని న్యాయమైన పరిహారమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ సంగతి మా ఆఫీసులో ఎవరికీ పట్టదు. అడ్మిషన్లు తగ్గిన ఏడాది ఏప్రిల్ ఆఖరి రోజున నలుగురు టీచర్లను ‘ఇక రానవసరం లేదు’ అని గేటు దగ్గరే తిప్పి పంపిన మనిషి, రెండు నెలల ముందు చెప్పి, కట్టలు లెక్కపెట్టి, పిల్లల తప్పులు పేజీలు పేజీలు రాసిచ్చిన మనిషిని పట్టుకుని పిల్లల భవిష్యత్తు గురించి పాఠం చెబుతాడా? సిగ్గుండాలి.

సంక్రాంతి తరువాత నా టైమ్‌టేబుల్ కాగితం పక్కన పెట్టేశారు, సారును కదిపితే ఏడో తరగతి తల్లిదండ్రులు గొడవ చేస్తారని. పది బి సెక్షన్‌కు వ్యాయామం సారును పంపారు. ఆయన మంచివాడే, పాపం. మెళ్ళో విజిల్‌తో వచ్చి ‘చదువుకోండి’ అనేవాడు. ఎవరైనా సందేహం అడిగితే విజిల్ వేసేవాడు. తల్లిదండ్రులకు మాత్రం ‘మేడమ్ సెలవులో ఉన్నారు’ అని చెప్పారు. పిల్లలు నన్ను వరండాలో ఆపి మేడమ్ ఎప్పుడొస్తారని అడుగుతుంటే నేనూ అదే అబద్ధం చెప్పాను.

ప్రీ ఫైనల్‌లో నిమ్న కోణం లెక్క వచ్చింది. దిద్దడానికి మనుషులు చాలక బి సెక్షన్ కట్ట నాకిచ్చారు. పదిహేడు మంది గోడ నుంచే కొలిచారు. నోటుపుస్తకం కోసం ఆఫీసుకు వెళితే అది బీరువాలో సర్టిఫికెట్ల కింద భద్రంగా ఉందని, తాళం పైన సారు దగ్గర ఉందని చెప్పారు. వచ్చేటప్పుడు సామగ్రి గదిలోకి తొంగి చూశాను. వృత్తలేఖిని ఇంకా ఒంటికాలి మీదే ఉంది.