తడి–పొడి నినాదం గారికి, మీ బండి వెనక నుంచి

మహారాజశ్రీ తడి చెత్త – పొడి చెత్త నినాదం గారికి,

మూడో అంతస్తు గృహస్థు నమస్కరించి వ్రాయునది. మీ క్షేమ సమాచారం అడగనక్కర్లేదు. కొత్త పెయింటుతో కళకళలాడుతూ గోడల మీద, చెత్త బండి పక్కన, పోయిన ఆదివారం నుంచి మా లిఫ్టులో కూడా దర్శనమిస్తున్నారు. పెద్దక్షరాల్లో "తడి చెత్త వేరు – పొడి చెత్త వేరు" అని మీరు. కింద చిన్నక్షరాల్లో "వేరు చేస్తే ఎరువు, కలిపేస్తే బరువు" అని మీ తోక లైను. ప్రాస బ్రహ్మాండంగా కుదిరింది. రాసినవారికి నా అభినందనలు.

ఆదివారం మీ పేరు మీద మా సెల్లారులో అవగాహన సదస్సు జరిగింది. మూడింటికన్నారు. మునిసిపాలిటీ అయ్యగారు ఐదు దాటాక దిగారు. ఈలోగా మధ్యాహ్నం నిద్ర పోయింది, పిల్లల ట్యూషన్ పోయింది, పెద్దాయనకి షుగర్ మాత్ర టైము పోయింది. అందరం చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశాం. ఫొటోలో ఒకాయన కళ్లు మూసుకున్నారని మళ్లీ చేశాం. తర్వాత మిర్చి బజ్జీలు వచ్చాయి, లోపల వెండిలా మెరిసే పేపర్ ప్లేట్లలో, పల్లీ చట్నీతో. తలా ఒక చిన్న నీళ్ల సీసా.

తిన్నాక ఆ ప్లేటు పట్టుకుని నేనే వెళ్లి అడిగాను, సార్ ఇది తడా పొడా అని. ఆయన ప్లేటు వంక చూశారు, నా వంక చూశారు. "కడిగి పొడిలో వేసెయ్యండి" అన్నారు. కడిగితే చట్నీ పోతుంది సార్, ఆ మెరుపు పోదు. అది కాగితానికి అతికించిన ప్లాస్టిక్ పొర. దాన్ని వానపాము తినదు, పాత పేపర్లవాడు కొనడు. అటు ఎరువుకీ పనికిరాక ఇటు అమ్మకానికీ పనికిరాని సరుకుని మీ సదస్సులోనే పంచారు. నేను ఇంకా ఆలోచిస్తూ ఉండగానే వాచ్‌మన్ ఒక నల్ల కవరు తెచ్చి ప్లేట్లు, చట్నీ, సీసాలు, మీ కరపత్రాలు అన్నీ అందులో కుక్కి ముడి వేశాడు. అయ్యగారి కారు అప్పటికింకా గేటు దాటలేదు.

సరే, అది వదిలేస్తాను. సదస్సులన్నాక బజ్జీలుంటాయి. నేను వదల్లేనిది మర్నాడు పొద్దున్న వచ్చిన మీ బండి సంగతి.

మా ఇంట్లో రెండు బుట్టలున్నాయి. మా ఆవిడ పాల ప్యాకెట్లు కడిగి గ్రిల్లుకి ఆరేస్తుంది. కత్తిరించిన మూల ముక్క కూడా పారేయకుండా ప్యాకెట్‌లోనే దోపుతుంది. కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం ఒక దాంట్లో. ఆరిన కవర్లు, అట్టపెట్టెలు, సీసాలు ఇంకోదాంట్లో. ఇంత నిష్ఠగా సర్దినదాన్ని కిందకి మోసుకెళ్లి ఇస్తే, బండి మీదున్న అమ్మాయి రెండు బుట్టలూ ఒక్క కుప్పలోనే బోర్లించింది. "అమ్మా, వేరు చేశాం కదా" అన్నాను. "అడ్డం రేకు పీకేసిండ్రు సార్. రేకుంటే ఒక్క ట్రిప్పులో పట్టదు" అంది. తడినీ పొడినీ విడదీస్తూ బండి మధ్యలో ఉండాల్సిన రేకు అది. బండి పక్కన మీరు నవ్వు మొహం పెట్టుకుని ఉన్నారు. మైకులోనూ మీరే.

ఆ అమ్మాయిని నేనేమీ అనను. అయ్యా, ఈ ఊళ్లో తడి, పొడి నిజంగా వేరు చేస్తున్నది ఆమె ఒక్కతే. బండి చుట్టూ వేలాడే బస్తాలు ఎప్పుడైనా చూశారా? ఒక బస్తాలో నీళ్ల సీసాలు, ఒకదాంట్లో అట్టలు, ఒకదాంట్లో పాల కవర్లు, చిన్న సంచిలో ఇనుము, అల్యూమినియం. నడుస్తున్న బండి మీద నిలబడి, మోకాళ్ల దాకా చెత్తలో, వట్టి చేతుల్తో ఏరుతుంది. పాత సామాన్ల కొట్టువాడు కొనేవే ఏరుతుంది, ఏరితేనే ఆ రోజు గిట్టుబాటు. చిప్స్ ప్యాకెట్లు, థర్మోకోలు, షాంపూ సాషేలు ఎవరూ కొనరు కాబట్టి కుప్పలోనే ఉండిపోతాయి. అంటే మా ఆవిడ పొద్దున వేరు చేసింది. బండి కలిపింది. ఆ కలిపినదాంట్లోంచి ఈ పిల్ల మళ్లీ వేరు చేస్తోంది. ఒకే పాల కవరుకి ఇన్నిసార్లు పెళ్లి, ఇన్నిసార్లు విడాకులు.

ఇప్పుడు మీ తోక లైను దగ్గరికి వద్దాం. కలిపేస్తే బరువన్నారు. నూటికి నూరుపాళ్లు నిజం. ఎంత బరువో లెక్క వేద్దామా?

ఒక బండి 500 ఇళ్లు తిరుగుతుందనుకుందాం. ఇంటికి ఒక కిలో వంటింటి చెత్త అనుకుంటే, అర టన్ను. తొక్కలు, అన్నం, పళ్ల గుజ్జు వీటన్నిటిలో సుమారు 70 శాతం నీళ్లే. అంటే ఆ కుప్పలో 350 లీటర్ల నీళ్లు ఊరేగుతున్నాయి. వేరుగా ఉంటే ఆ నీటితో పేచీ లేదు. ఎరువు కుప్పకి సగానికి పైగా తేమ కావాల్సిందే, లేకపోతే సూక్ష్మజీవులు పని చేయవు. కలిపితే ఆ నీళ్లు అట్టపెట్టెల్లోకి, న్యూస్‌పేపర్లలోకి ఇంకుతాయి. పొద్దున ఏడింటికి అమ్ముడుపోయే అట్ట పదింటికి పిండి ముద్ద. కొట్టువాడు అయితే కొనడు, లేదా తడికి తరుగు తీస్తాడు. ఆ తరుగు పోయేది బండి మీది పిల్ల జేబులోంచి.

పోనీ కాల్చి కరెంటు తీద్దామంటారా? కిలో నీళ్లు ఆవిరి కావాలంటేనే దాదాపు 600 కిలో కేలరీలు కావాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఏమన్నాయి? మళ్లీ వాడడానికి పనికిరాని చెత్తలో కిలోకి 1500 కిలో కేలరీలు, ఆపైన వేడి ఇచ్చేదాన్ని డంపింగ్ యార్డులో పూడ్చొద్దు, ఇంధనంగా వాడమన్నాయి. ఎండిన ప్లాస్టిక్, గుడ్డపీలికలు ఆ గీత సునాయాసంగా దాటుతాయి. వాటి మీద పులిసిన సాంబారు పోస్తే, మంటలో సగం సాంబారు ఎండబెట్టడానికే సరిపోతుంది.

ఇక అసలు కిటుకు. ఈ 350 లీటర్లూ ట్రాన్స్‌ఫర్ స్టేషన్లో పెద్ద లారీలోకి ఎక్కి, వేబ్రిడ్జి మీదకి వెళ్తాయి. అక్కడ కాటా వేస్తారు. చాలా ఊళ్లలో చెత్త తరలింపుకి బిల్లు టన్నుల లెక్కన. ఎన్ని టన్నులు తోలితే అంత డబ్బు. కలిపేస్తే బరువని మమ్మల్ని బెదిరిస్తున్నారు కదా, ఆ బరువే బిల్లని అటుపక్కవాళ్లకి తెలుసు స్వామీ! తొక్కలు వీధి చివరే ఎరువైపోయి, పొడిది అమ్ముడుపోతే కాటా మీదకి వెళ్లేదేముంటుంది? కాంట్రాక్టు కాగితంలో ఒక మాట, బండి మీద ఇంకో మాట ఉంటే ఏది గెలుస్తుందో చెప్పడానికి సదస్సు అక్కర్లేదు. ఆ రేకు దానంతటది ఊడిపోయిందని నేను నమ్మను.

మీ "ఎరువు" సంగతీ చూశాను. కలిసిన చెత్తతో ఎరువు చేస్తే చివర్లో జల్లెడ పడతారు. పట్టణ ఎరువు ప్రమాణం ప్రకారం 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. కవర్లు పైనే ఆగిపోతాయి. పగిలిన గాజు ఆగదు. 3 మిల్లీమీటర్ల గాజు పెంకు దర్జాగా దిగి బస్తాలోకి వెళ్తుంది. వరినాట్లకి వట్టి కాళ్లతో దిగే మనిషికి ఆ బస్తా ఉచితంగా ఇస్తామన్నా వద్దంటాడు. ఎరువు అమ్ముడుపోవడం లేదని మళ్లీ మీ వాళ్లే నిట్టూరుస్తారు. గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూస్తే తెలిసిపోతుంది.

గోడ మీద మీ బొమ్మ కిందే ఊరంతా చెత్త పోయడం గురించి రాయను. మైకు సౌండు గురించి కూడా రాయను. గతంలో పంచిన ఆకుపచ్చ, నీలం బుట్టల్లో మా వీధిలో సగం ఇళ్లవాళ్లు బియ్యం పోసుకున్నారని చెప్పి మీ మనసు కష్టపెట్టను.

ఇదంతా జరగని పని అని మాత్రం దయచేసి అనొద్దు. మన సూర్యాపేటలో 2000ల మొదట్లోనే చేశారు. ఇంటింటికీ రెండు బుట్టలిచ్చి, వేరు చేసినదాన్ని వేరుగానే తీసుకెళ్లి, తడిది ఎరువు చేసి, పొడిది అమ్మారు. వీధి కుండీలు తీసేశారు. అప్పుడు దేశంలో చాలా ఊళ్లవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. జనం అప్పుడూ వీళ్లే. ఇంటివాళ్లు వేరు చేయాలన్న 2016 నియమాల్లోనే, వేరు చేసినదాన్ని ఇంటింటికీ వచ్చి తీసుకెళ్లడం మునిసిపాలిటీ పని అని కూడా రాశారు. ఆ రెండో ముక్కకి ప్రాస కుదరలేదా?

చూడు, ఇక మర్యాదలు చాలు. నువ్వు మంచిదానివే. నువ్వు చెప్పే మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు, అందుకే కోపం. నువ్వు అబద్ధానివైతే గోడకి సున్నం కొట్టి ఊరుకునేవాళ్లం. మా ఆవిడ నిన్ను నమ్మింది. గ్రిల్లుకి ఆరేసిన పాల కవర్లు చూసి చుట్టాలు నవ్వినా మానలేదు. ఆవిడ కళ్లముందే ఆ కవర్ల మీద పక్కింటి పులుసు పోయించావు. నిన్న "ఇంకెందుకండీ ఈ కడగడం" అంది. వేరు చేయనివాళ్లకి ఫైను వేస్తామని లిఫ్టులో నీ పక్కనే ఇంకో కాగితం అంటించారు. కలిపినవాళ్లకి ఎంతో అందులో లేదు. ఎవరికి చెప్తున్నావు నువ్వు? మాకా? మేం విన్నాం. ఇక మా వైపు తిరిగి అరవకు.

నాదొక మనవి. ఈసారి పెయింటు వేసేటప్పుడు బండి బయట వద్దు. లోపల, ఆ అడ్డం రేకు మీద రాయించుకో. డ్రైవరుకి, సూపర్‌వైజరుకి, కాటా దగ్గర కూర్చునే ఆయనకి కనబడేలా. నీ తోక లైనులో ప్రాస తీసేసి, బిల్లు టన్నుకి కాకుండా వేరుగా చేర్చిన చెత్తకే అని రాయించు. ఇంకాస్త పెయింటు మిగిలితే, ఆ పిల్లకి మందపాటి గ్లవ్స్ కొనాలని కూడా. రేకు లేని బండిలో నిన్ను రాయడానికి చోటే దొరకదు. పెయింటరు తిరిగి వచ్చి ఎక్కడ రాయమంటారని అడిగితే, కనీసం అప్పుడైనా ఆఫీసులో ఎవరో ఒకరు ఆ రేకు ఏమైందని అడగాలి కదా.

ఇట్లు,
రెండు బుట్టల గృహస్థు