సవరణ: పానా పొడవు ఒక్కటే చాలదు

"అన్నా, పొడుగు పానా వేస్తే చాలన్నావు, మరి ఆటోనగర్‌లో మా బండి నట్టు ఎందుకు కదల్లేదు?"

నిన్న రాసింది సగమే తమ్ముడూ, కోణం వదిలేశాను, తప్పు నాదే. తలుపు అంచు పట్టుకుని బందు వైపుకే నొక్కి చూడు, ఎంత బలం పెట్టినా తిరగదు, ఎందుకంటే ఆ బలం గీత బందులోంచే పోతుంది. అదే అంచుని తలుపుకు లంబంగా తోస్తే వేలితోనే తెరుచుకుంటుంది. లెక్కకొచ్చేది తిరిగే చోటి నుంచి బలం గీతకున్న లంబ దూరం, దాన్ని బలంతో గుణిస్తే వచ్చేదే తిప్పే శక్తి, టార్క్: τ = rF sin θ. ఇందులో τ టార్క్, r తిరిగే చోటి నుంచి బలం పెట్టే చోటికి దూరం, F బలం, θ పిడికీ బలానికీ మధ్య కోణం.

30 సెం.మీ. పానా చివర 200 న్యూటన్లతో, అంటే సుమారు 20 కిలోల బరువంత బలంతో, పిడికి లంబంగా లాగితే టార్క్ 60 న్యూటన్ మీటర్లు. పిడితో 30 డిగ్రీల కోణంలో లాగితే 30 మాత్రమే, పైగా పిడి వెంట పోయే బలం నోరు తెరిచిన పానాని నట్టు మీంచి జార్చేస్తుంది. నట్టు మూలలు కొత్తగా మెరుస్తున్నాయా? అయితే జారినట్టే, పానా తీసి, చెయ్యి లంబంగా పడేలా ఇంకో ముఖానికి పెట్టి లాగు.