అమ్మమ్మ కథ చేరిస్తే నిర్దోషా?

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక కళాశాలలో ఇంగ్లిషు వ్యాసాలను ఏఐ డిటెక్టర్‌కు పెట్టారు. సొంతంగా రాసుకున్న తెలుగమ్మాయి వ్యాసం యంత్రం రాసిందని తేల్చి సున్నా వేశారు. చాట్‌బాట్‌తో రాయించుకుని, మధ్యలో మూడు వాక్యాలు చేర్చిన కుర్రాడిది మనిషి రాసిందేనని గట్టెక్కింది. గుణుపురం సంతలో అమ్మమ్మ చింతపండు తట్ట వానకు తడిసిందని, ఆ ఏడు తనకు పుస్తకాలు కొనలేదని ఆ మూడు వాక్యాల సారం. ఆ అమ్మమ్మ ఏనాడూ సంతలో కూర్చోలేదని తోటి పిల్లలందరికీ తెలుసు.

డిటెక్టర్ మనిషిని వెతకదు. చాలా డిటెక్టర్లు ముఖ్యంగా చూసేది, ముందు మాటలను బట్టి తర్వాతి మాటను చాట్‌బాట్ల వెనకుండే భాషా నమూనా ఎంత సులువుగా ఊహించగలదన్నదే. 'విద్య సమాజ ప్రగతికి' అనగానే 'పునాది' అని ఎవరైనా పూరిస్తారు. అలాంటి మాటలే వరుసగా వస్తే అనుమానం పెరుగుతుంది. గుణుపురం సంతలో తడిసిన చింతపండు ఊహకు అందదు. స్కోరుకు ఆధారం మొత్తం వ్యాసం మీద తీసే సగటు కాబట్టి, చిన్న వ్యాసంలో ఆ కొద్ది మాటలే దాన్ని లాగేయగలవు. 'మా అమ్మమ్మ కష్టపడమనేది' అని రాసి ఉంటే అంతగా కదిలేది కాదు. కదిలించింది ఊరి పేరు, తట్ట, వాన. అవి నిజమా, కల్పనా అన్నది ఆ లెక్కలోకి రానే రాదు.

మరి ఆ అమ్మాయి? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిషు మూడోది. తప్పు పోతుందేమోనన్న భయంతో తెలిసిన మాటలే వాడింది, పాఠ్యపుస్తకం వాక్యం దాటలేదు. ఆ జాగ్రత్తే ఆమెకు నేరమైంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిషు మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం యంత్రం ఖాతాలో పడ్డాయి. అవే వ్యాసాల పదాలను చాట్‌జీపీటీతో మెరుగుపరిపిస్తే ఆ పొరపాటు 12 శాతానికి తగ్గింది. సొంతంగా రాసినవారు దొంగలు, యంత్రం చెయ్యి పడితే దొరలు!

కాపీని అరికట్టాలన్న అధ్యాపకుల తపన న్యాయమైనదే. ఇలాంటి చేర్పులను పసిగట్టేలా డిటెక్టర్లకు తర్ఫీదు ఇస్తున్నారన్నదీ నిజమే. కానీ అబద్ధం చేర్చినవాడికి మార్కులు, నిజం రాసినదానికి సున్నా అన్న తీర్పు ఇప్పటికే నోటీసు బోర్డు మీద ఉంది. దాన్ని చూసిన పిల్లలు తమ వ్యాసాల్లోకి లేని తాతలను, జరగని ప్రమాదాలను తెచ్చుకుంటున్నారు. వాళ్లకు అబద్ధమాడడం నేర్పింది ఆ కళాశాలే.

ఈ పేరా ఎందుకు రాశావని ఆ అమ్మాయిని పది నిమిషాలు అడిగితే తేలిపోయేది. కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతి ఆమె నోట్‌బుక్‌లోనే ఉంది. చూడమని బతిమాలినా ఒక్కరూ తెరవలేదు. అయ్యా, స్కోరు చదవడానికి తీరిక దొరికిన మీకు పిల్ల రాసింది చదవడానికి దొరకలేదా? ఆ నోట్‌బుక్ తెరవండి. ఈ వారంలోనే ఆమె మార్కులు ఆమెకివ్వండి.