సూర్యుడు పడిన ఫొటోలో ఇంద్రధనుస్సు: ఒక విచారణ నివేదిక

2021 జూన్ 2న, ఎండ నడినెత్తికెక్కే వేళ, హైదరాబాద్ ఆకాశంలో సూర్యుడి చుట్టూ ఒక పెద్ద వలయం ఏర్పడింది. ఊరంతా మేడలెక్కి ఫోన్లు పైకెత్తింది. పది నిమిషాల్లో మా కుటుంబ గ్రూపులో బాబాయ్ తీర్పు వచ్చేసింది: "గుండ్రటి ఇంద్రధనుస్సు. అందరికీ శుభం." ఇరవై ఏడు దణ్ణాలు పడ్డాయి. బాబాయ్ మాటకు ఎదురు చెప్పే ఆనవాయితీ మా ఇంట్లో లేదు కాబట్టి, ఆయన మాట నిజం కావాలంటే ఆ రోజు ఆకాశం ఏమేం చేసి ఉండాల్సిందో మాత్రమే సవినయంగా మనవి చేసుకుంటాను.

మొదటిది, సూర్యుడు బాబాయ్ వీపు వెనక్కి వెళ్లాలి. వెలుగు వాన చినుకులోకి దూరి, వెనక గోడకు తగిలి, వచ్చిన వైపుకే మళ్లుతుంది. అందుకే ఇంద్రధనుస్సు కావాలంటే ఎండకు వీపు పెట్టి, మన నీడ తల ఎక్కడుందో చూసుకుని, అక్కడి నుంచి 42 డిగ్రీల దూరంలో వెతుక్కోవాలి. ఆ వేళ సూర్యుడు 80 డిగ్రీల ఎత్తున ఉన్నాడనుకుందాం. నీడ తల దాదాపు కాళ్ల దగ్గరే. అంటే విల్లు పైకొస కూడా దిగంతానికి 38 డిగ్రీలు కిందే ఉంటుంది. బాబాయ్ ఫ్లాట్ నుంచి చూడాలంటే సెల్లార్ పార్కింగ్ తవ్వించాలి. దానికి అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోదు. పొద్దున్నో సాయంత్రమో, సూర్యుడు 42 డిగ్రీల కంటే కిందికి దిగి ఉన్నప్పుడే మామూలుగా నేల మీద నిలబడ్డవాళ్లకు ఆకాశంలో విల్లు దర్శనమిచ్చేది ఇందుకే.

రెండోది, చినుకు ఉండాలి. ఆ రోజు ఫొటోలో ఉన్నది చినుకు కాదు, మంచు. కింద మనకు చెమటలు కారుతున్నా, కొన్ని కిలోమీటర్ల పైన పల్చటి తెర లాంటి మేఘంలో అంతా మంచు పలుకులే. ఒక్కోటి ఆరు పక్కల పెన్సిల్ ముక్కలా ఉంటుంది. వెలుగు ఒక పక్కన దూరి, మధ్యలో ఒక పక్కను వదిలేసి, ఆ తర్వాతి పక్క నుంచి బయటికొస్తే కనీసం 22 డిగ్రీలు వంగుతుంది. అంతకంటే తక్కువ వంగడం దానికి చేతకాదు. అందుకే ఎక్కువ వెలుగు 22 దగ్గరే గుమిగూడుతుంది, వలయం లోపలి ఆకాశం కాస్త నల్లబడుతుంది. ఎరుపు అన్నిటికంటే తక్కువ వంగుతుంది కనుక లోపలి అంచున ఉంటుంది. ఇంద్రధనుస్సులో అదే ఎరుపు బయటి అంచున. బాబాయ్ పెట్టిన ఫొటోను జూమ్ చేశాను. ఎరుపు లోపలే ఉంది. గ్రూపులో చెప్పలేదు.

ఇది మనకు కొత్త కాదు. దీన్ని మా అమ్మమ్మ వరదగుడి అనేది. ఫోన్ లేని ఆవిడ దగ్గర కొలత మాత్రం ఉంది: చెయ్యి చాచి, బొటనవేలితో సూర్యుణ్ణి మూసి జాన వేస్తే చిటికెన వేలు దగ్గర దగ్గరగా వలయాన్ని తాకుతుంది. (సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, వాటర్ ట్యాంకు చాటున నిలబడండి.) ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషానికి, అంటే ఈ వలయానికి, ఒక అధ్యాయం, ఇంద్రాయుధానికి, అంటే ఇంద్రధనుస్సుకు, ఇంకొకటి, సూర్యుడి పక్కన మెరిసే ప్రతిసూర్యుడికి మరొకటి కేటాయించాడు. ఆ మూడింటినీ ఒక్కటి చేసిన ఘనత మా గ్రూపుదే.

ప్రతిసూర్యుడంటే గుర్తొచ్చింది. ఒక జనవరిలో మిన్నెసోటా నుంచి మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. మంచు నేల, పొద్దుటి సూర్యుడు, దానికి కుడి ఎడమల ఇంకో రెండు. పిన్నికి టెన్షన్ పట్టుకుంది, "వాడికి మూడు సూర్యులు కనిపిస్తున్నాయి, కళ్లు చూపించుకోమనండి" అంది. కళ్లు బాగానే ఉన్నాయి. అక్కడి పలుకులు పెన్సిళ్లు కావు, పల్చటి ఆరు పలకల బిళ్లలు. గాల్లో విస్తరాకుల్లా వెల్లకిలా పరుచుకుని నెమ్మదిగా దిగుతాయి. పలుకులు అడ్డదిడ్డంగా దొర్లితే చుట్టూ వలయం వస్తుంది. బిళ్లలు బుద్ధిగా బల్లపరుపుగా ఉంటే మాత్రం వెలుగు పక్కలకే వంగుతుంది, సూర్యుడి ఎత్తులోనే అటొకటి ఇటొకటి మెరుస్తాయి. సూర్యుడు సుమారు 60 డిగ్రీలు దాటి పైకెక్కితే ఆ రెండూ సెలవు తీసుకుంటాయి. జూన్ 2న హైదరాబాద్‌లో నడినెత్తి సూర్యుడికి అవి తోడు రాకపోవడంలో వాటి తప్పేమీ లేదు.

ఇక్కడ బాబాయ్‌కి ఒక న్యాయమైన అనుమానం వచ్చింది: అది కెమెరా లెన్సు చేసే మాయ కాదా? మంచి ప్రశ్న, ఒప్పుకోవాలి. సూర్యుణ్ణి చేత్తో మూస్తే లెన్సు చుక్క మాయమవుతుంది, ప్రతిసూర్యుడు ఉన్నచోటే ఉంటాడు. ఫోన్ తిప్పినా లెన్సు చుక్క వెంట పరిగెడుతుంది, అతను కదలడు. మేనల్లుడు అరచెయ్యి అడ్డం పెట్టి మళ్లీ తీశాడు. రెండూ అక్కడే ఉన్నాయి.

మర్నాడు ఉదయం ఆరింటికి బాబాయ్ గుడ్‌మార్నింగ్ బొమ్మ వచ్చింది. కొండల మధ్య నవ్వుతున్న సూర్యుడు, సరిగ్గా అతని నెత్తి మీద ఇంద్రధనుస్సు, ఎరుపు బయటి అంచున. నేనూ ఒక దణ్ణం పెట్టాను.