టైలరింగ్ దుకాణం లెక్కల్లో అడ్వాన్సు ఆదాయం కాదు

చిన్న టైలరింగ్ దుకాణాలకు సంవత్సరాంతపు లెక్కలు తయారుచేసే పద్ధతి మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. మార్చి 31న దుకాణంలోకి తొంగిచూసే వారు ఉండరు. రిటర్ను గడువు దగ్గరపడగానే యజమానురాలిని ఫోనులో "ఈ ఏడు ఎంత వచ్చిందమ్మా?" అని అడిగి, వచ్చిన అంకె మీద 8 శాతం లాభం వేసి, మిగతాదంతా సర్దేస్తారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఎడి కింద ఆ వెసులుబాటును చట్టమే ఇచ్చింది కనుక రిటర్ను వరకు దాన్ని తప్పనలేము. అయితే 8 శాతమన్నది, డిజిటల్ చెల్లింపుల మీద 6 శాతమన్నది, చూపవలసిన కనీస లాభమే. అసలు లాభం అంతకంటే ఎక్కువగా ఉంటే ఎక్కువే చూపాలి. అసలు లాభమెంతో తెలియాలంటే లెక్క కట్టక తప్పదు.

ఇద్దరు ముగ్గురు పీసు లెక్కన కుట్టే ఒక లేడీస్ టైలరింగ్ దుకాణాన్ని, 2024-25 సంవత్సరానికి, ఉదాహరణగా తీసుకుందాం. నగదూ యూపీఐ కలిపి ఏడాదిలో చేతికి వచ్చినది 9,84,000 రూపాయలు. దాదాపు అందరూ దీన్నే ఆదాయమని రాసేస్తారు. కాని ఆర్డరు పుస్తకం తెరిచి చూస్తే విషయం వేరుగా ఉంటుంది. ప్రతి బిల్లుకూ గుడ్డముక్క పిన్ను చేసి ఉంటుంది, మూలన అడ్వాన్సు రాసి ఉంటుంది, బట్టలు ఇచ్చేసిన బిల్లు మీద అడ్డగీత ఉంటుంది. మార్చి 31 సాయంత్రం అడ్డగీత లేని బిల్లులన్నీ విడిగా తీసి కూడితే అడ్వాన్సుల మొత్తం 62,000 తేలింది. ఏప్రిల్, మే నెలల పెళ్ళిళ్ళ జాకెట్లు ఆ సమయంలోనే వచ్చి పడతాయి కాబట్టి ఈ వ్యాపారంలో అడ్వాన్సులు సరిగ్గా సంవత్సరాంతానికే పేరుకుంటాయి. బట్టలు ఇచ్చేదాకా ఆ డబ్బు దుకాణం ఖాతాదారులకు బాకీ ఉన్నట్టే లెక్క. అది బ్యాలెన్స్ షీటులో అప్పుల వైపు ఉండాలి, లాభనష్టాల ఖాతాలో ఉండకూడదు.

అందువల్ల 9,84,000లో నుంచి ఆ 62,000 తీసివేసి, క్రితం మార్చిలో ఇలాగే పక్కన పెట్టి ఈ ఏడు బట్టలు ఇచ్చేసిన 30,000 కలపాలి. బట్టలు తీసుకెళ్ళి డబ్బు ఇంకా ఇవ్వనివారి బాకీ 18,000 కూడా ఈ ఏటి సంపాదనే. నిరుటి బాకీలో ఈ ఏడు వసూలైన 10,000 మాత్రం నిరుడే లెక్కలోకి వచ్చింది కనుక దాన్ని తీసివేయాలి. ఇవన్నీ చేస్తే అసలు ఆదాయం 9,60,000 అవుతుంది.

అడ్వాన్సును పక్కన పెట్టడం నేర్చుకున్నవారు కూడా తరువాతి మెట్టు దగ్గర ఆగిపోతారు. ఇంకా ఇవ్వని ఆ జాకెట్లలో సగం కుట్టేసి ఉంటాయి, వాటికి కూలీ కూడా లెక్కకు వచ్చేసి ఉంటుంది. రాబడిని వచ్చే ఏటికి తోసి, దానికి పెట్టిన కూలీని ఈ ఏటి ఖర్చులో ఉంచితే లాభం అన్యాయంగా తగ్గుతుంది. అందుకే ఆ కూలీని, ఇక్కడ 22,000, ముగింపు సరుకులో చూపాలి. నిరుడు అలా చూపిన 10,000 ఈ ఏటి ఖర్చులోకి వస్తుంది. లైనింగు, ఫాల్స్, దారాలు, హుక్కులు, కాన్వాసు వంటి వాటి నిల్వ 34,000 వేరుగా ఉంటుంది. బీరువాలో మడతపెట్టిన పట్టుచీరలను, ఖాతాదారులు తెచ్చిన గుడ్డను మాత్రం నిల్వలో రాయకూడదు, అవి దుకాణం సొత్తు కావు. ఏడాది దాటినా ఎవరూ తీసుకెళ్ళని జాకెట్టు సంగతి మరీ వేరు. ఒకరి కొలతలకు కుట్టినది ఇంకొకరికి అమ్ముడుపోదు కాబట్టి, దాని మీద వచ్చిన అడ్వాన్సుకు మించి విలువ కట్టడం మనల్ని మనం మోసగించుకోవడమే.

ఖర్చుల్లో పొరపాట్లు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. కుట్టేవారికి పండగకు ఇచ్చి, ముందు ముందు కూలీలో పట్టుకోవలసిన 20,000 ఖర్చు కాదు, రావలసిన సొమ్ము. నెలకు 4,000 చొప్పున కట్టిన అప్పు వాయిదాల 48,000లో వడ్డీ 11,000 మాత్రమే ఖర్చు, మిగతా 37,000తో అసలు తగ్గింది. నవంబరులో 40,000 పెట్టి కొన్న ఓవర్‌లాక్ మిషనును ఖర్చుల్లో రాయకూడదు. ఆ ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడినందున దాని మీద 15 శాతంలో సగమే, అంటే 3,000, తరుగుదల వస్తుంది. పాత మిషన్ల 1,20,000 మీద 18,000 వస్తుంది. అద్దె, కరెంటు, రిపేర్లు, సరుకు, కూలీ అన్నీ ఈ తీరుగా రాస్తే మొత్తం ఖర్చు 7,10,000, లాభం 2,50,000 తేలుతుంది.

ఇక్కడే యజమానురాలికి కోపం వస్తుంది. "రెండున్నర లక్షల లాభమంటున్నారు, బ్యాంకులోనూ పెట్టెలోనూ కలిపి ముప్పై ఒక్క వేలు కూడా దాటలేదు, మిగతాది ఏమైందండీ?" అని అడుగుతారు. ఆమె అడగడంలో న్యాయం ఉంది. దానికి జవాబు లాభనష్టాల ఖాతాలో దొరకదు, బ్యాలెన్స్ షీటులో దొరుకుతుంది. ఇంటి ఖర్చులకు నెలకు 15,000 చొప్పున 1,80,000 తీశారు. కొత్త మిషనుకు 40,000, అప్పు అసలుకు 37,000, కుట్టేవారి ముందస్తుకు 20,000 పోయాయి. ఈ నాలుగే 2,77,000 అయ్యాయి, అంటే లాభాన్ని మించాయి. అయినా ఏడాది మొదట్లో 25,000 ఉన్న నగదు 31,000కు పెరిగిందంటే, దానికి ముఖ్య కారణం అడ్వాన్సులు 32,000 పెరగడమే. ఆ పెట్టెలోని డబ్బు నిజానికి ఖాతాదారులది. ఇంకా కుట్టి ఇవ్వవలసిన పనికి వాళ్ళు 62,000 ఇచ్చి ఉన్నారు, చేతిలో ఉన్నది అందులో సగమే. ఈ సంగతి తెలియకుండా ఇంకో మిషనుకు అప్పు తీసుకునేవారిని చాలామందిని చూశాను.

ఇక 8 శాతం పద్ధతిలో బ్యాలెన్స్ షీటు రాస్తే ఏమవుతుందో చూడండి. 9,60,000 మీద లాభం 76,800 అవుతుంది. నిరుటి మూలధనం 1,05,000కు దాన్ని కలిపి ఇంటికి తీసిన 1,80,000 తగ్గిస్తే మిగిలేది 1,800. అప్పు, అడ్వాన్సులు, ఇవ్వవలసిన కూలీ కలిపిన 1,39,000 దానికి చేర్చినా అప్పుల వైపు 1,40,800 మాత్రమే వస్తుంది. ఆస్తుల వైపు మిషన్లు, దుకాణం డిపాజిటు, నిల్వ, బాకీలు, నగదు కలిపి 3,14,000 కళ్ళెదుట ఉన్నాయి. తేడా పూడ్చడానికి ఇంటి వాడకాన్ని నెలకు రెండు మూడు వేలకు కుదిస్తారు, లేదా బంధువుల చేబదులు అని ఒక వరుస రాసేస్తారు. లోను కోసం ఆ కాగితం పట్టుకెళితే, ఆ చేబదులు ఎవరిచ్చారని బ్యాంకు మేనేజరు అడిగినప్పుడు సమాధానం చెప్పుకోవలసింది ఆ యజమానురాలే, రాసినవారు కాదు.

అటువంటి కాగితాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టి చూడండి. నిల్వ ప్రతి ఏటా ఒకే గుండ్రటి అంకెలో ఉంటే, మిషన్ల విలువ అసలు తగ్గకపోతే, ఖాతాదారుల అడ్వాన్సులు అన్న వరుసే లేకపోతే, ఆ దుకాణంలో మార్చి 31న ఎవరూ ఆర్డరు పుస్తకం తెరవలేదని అర్థం. అడ్డగీత లేని బిల్లుల నంబర్లు, అడ్వాన్సులు, కుట్టిన పీసుల లెక్క ఒక కాగితం మీద రాసి సంతకం చేయించి బ్యాలెన్స్ షీటుకు జతపరచమని నేను పట్టుబడుతున్నది ఇందుకే. ఒక సాయంత్రం పని అది. రిటర్ను గడువప్పుడు కూర్చుని చేద్దామంటే కుదరదు, అప్పటికి ఆ పెళ్ళిళ్ళన్నీ అయిపోయి బిల్లులన్నిటి మీదా గీతలు పడి ఉంటాయి.