ఇంట్లో ప్రాజెక్టుకు మార్కులు వేయకండి, మూడు ప్రశ్నలు వేయండి

ఫార్మేటివ్ పరీక్షలు దగ్గర పడితే కోనసీమలో స్టేషనరీ షాపుల ముందు థర్మోకోల్ షీట్లు నిలబడతాయి. రాత్రి అన్నాలు అయ్యాక ధవళేశ్వరం ఆనకట్ట నాన్న కడతాడు, కాలువకు నీలం రంగు అమ్మ వేస్తుంది, ప్రాజెక్టు చేయాల్సిన పిల్లవాడు పక్కన కూర్చుని గమ్ డబ్బా అందిస్తాడు. తెల్లారి అదే నాన్న ‘మనవాడి ప్రాజెక్టు బ్రహ్మాండం’ అంటాడు. దీని గురించి అందరికీ తెలిసిందే కాబట్టి వివరంగా చెప్పను. నా వాదన ఒక్కటే. తల్లిదండ్రులు ప్రాజెక్టును తూచడం మానక్కర్లేదు, కానీ తూచే పద్ధతి పని మొదలవకముందే పిల్లలకు చెప్పాలి, చివర్లో మాత్రం అంకె వేయకూడదు.

ఎనిమిదో తరగతి చదివే నా మేనకోడలి ప్రాజెక్టు చూశాకే ఈ అభిప్రాయం గట్టిపడింది. వాళ్లది రాజోలు వైపు, సముద్రానికి దగ్గర పల్లె. ఇంట్లో బోరు ఉంది, దొడ్లో పాత నుయ్యి ఉంది, వీధి చివర పంట కాలువ ఉంది. మూడింటిలో ఏ నీళ్లలో ఉప్పు ఎక్కువ అన్నది ఆమె ప్రశ్న. మొదలుపెట్టే రోజే వాళ్లమ్మ మూడు మాటలు నోటుబుక్కు మొదటి పేజీలో రాయించింది. ప్రశ్న నీదేనా? చేసిందీ చూసిందీ ఉన్నదున్నట్టు ఆ రోజే రాశావా? ఎవరైనా అడిగితే పుస్తకం చూడకుండా చెప్పగలవా? ఒక్కోదానికి ‘వచ్చింది’, ‘సగం వచ్చింది’, ‘ఇంకా రాలేదు’ అన్న మూడు మాటల్లో ఒకటి. అందానికి విడిగా ఏమీ లేదు.

ఒక స్టీలు గిన్నె తూచింది, 212 గ్రాములు. అందులో లీటరు బోరు నీళ్లు పోసి, పూర్తిగా ఇగిరేదాకా మరిగించి, చల్లారాక మళ్లీ తూస్తే 214. నూతి నీళ్లకు 213. కాలువ నీళ్లకు మళ్లీ 212, అంటే సున్నా. చివర్లో గిన్నె చిటపటలాడుతుంది కాబట్టి ఆ పని మాత్రం అమ్మ చూసుకుంది. కాలువ నీళ్లు బురదగా ఉన్నాయని నాయనమ్మ పటిక వేయమంటే, ‘పటిక కూడా గిన్నెలో మిగిలిపోతుంది కదా, నాయనమ్మా’ అని అడిగి, రాత్రంతా బిందెలో నిలబెట్టి పైన తేట నీళ్లు తీసుకుంది. ఏ షాపులో కొన్న మోడల్‌లోనూ ఈ ఒక్క ప్రశ్న దొరకదు.

సున్నా దగ్గరే ఇంట్లో గొడవ వచ్చింది. ‘సున్నా ఎలా ఉంటుందమ్మా, టీచరు నమ్మరు, అర గ్రాము అని రాసెయ్’ అన్నాడు మా బావ. చెడ్డ ఉద్దేశం లేదు, కూతురికి మార్కు పోతుందన్న టెన్షన్. ఆ క్షణంలో పిల్ల ఏం నేర్చుకోబోతోందో ఆలోచించండి. వాళ్లమ్మ మాత్రం కాటా చేతికిచ్చి, ‘ఇది ఎంతకంటే తక్కువ చూపించలేదో చూడు’ అంది. వంటింటి కాటా అది, గ్రాము కంటే తక్కువ చూపదు. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరులో కరిగిన పదార్థాలు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. అంటే మంచి నీళ్లు లీటరు మరిగిస్తే మిగిలేది అర గ్రాము లోపే. ఆ కాటాకు అది అందదు. పిల్ల సున్నా కొట్టేసి ‘కాటాకు అందలేదు’ అని రాసుకుంది.

ఇలాంటి చోట చెప్పే మాట ఎలా ఉండాలి? ‘నువ్వు తెలివైనదానివి’ అంటే పని గురించి ఏమీ చెప్పినట్టు కాదు. ‘ఇంత తప్పుగా చేశావేంటి’ అన్నా అంతే. కంటికి కనిపించిన ఒక మంచి పని పేరు పెట్టి చెప్పాలి, సరిచేయగలిగిన ఒక్కటి అడగాలి, ఆ పైన చేతులు దూరంగా పెట్టుకోవాలి. ‘పటిక వద్దన్నావు చూడు, అది బాగుంది. కాలువ నీళ్లు కాటాకు అందాలంటే ఏం చేయొచ్చు?’ అంది వాళ్లమ్మ. అంతే. పది తప్పులు ఒకేసారి చెబితే పిల్లలు ఒక్కటీ దిద్దుకోరు.

అంకె ఎందుకు వద్దంటున్నానంటే, అది పక్కనున్న మాటను మింగేస్తుంది. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలను మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు మార్కులే ఇచ్చారు, ఇంకో గుంపుకు పని గురించి మాటలే రాసిచ్చారు, మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగైంది మాటలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. మన ఇళ్లలోనూ అదే చూస్తాం. ‘పదికి ఏడు’ అన్న తర్వాత ఎంత మంచి సలహా చెప్పినా, ఆ మూడు ఎక్కడ పోయాయనే పిల్లవాడు వెతుక్కుంటాడు. బడిలో మార్కులు తప్పవు. ఇంట్లో కూడా అదే అంకె ఎందుకు?

దీనికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. పక్కింటి అబ్బాయి కొన్న మోడల్ తళతళలాడుతుంటే, మన పిల్ల మసిబారిన గిన్నె పట్టుకెళ్తే నష్టం కదా అంటారు. ఒక పరీక్షలో ఒకటి రెండు మార్కులు పోవచ్చు, నేను కాదనను. కానీ చాలామంది టీచర్లు రెండు ప్రశ్నలు అడిగితే తేడా పట్టేస్తారు. థర్మోకోల్ లాకు తెచ్చినవాణ్ణి ‘కింద కాలువలో ఉన్న పడవ పైకి ఎలా వెళ్తుంది?’ అని అడగండి. రెండు తలుపుల మధ్య నీళ్లు ఎప్పుడు నింపాలో, ఏ తలుపు ముందు తీయాలో తన చేత్తో కట్టినవాడే చెబుతాడు.

అసలు నా బాధ మార్కుల కంటే పెద్దది. లంకల్లో, సముద్రం ఒడ్డు పల్లెల్లో ఇప్పుడు బతుకంతా కొలతల మీద నడుస్తోంది. రొయ్యల చెరువు గట్టు మీద రైతు సెలినిటీ, పీహెచ్, ఆక్సిజన్ చూసి రాసుకుంటాడు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది, ఏరియేటర్లు ఆలస్యమైతే పంట పోతుంది. ఆ పుస్తకంలో ఎవరూ ‘బాగుండాలి కదా’ అని అంకె దిద్దరు. చెరువు నీళ్లు పక్క చేలోకి, నూతిలోకి ఊరుతున్నాయా అన్న తగువులు ఊరూరా ఉన్నాయి. వాటిని రేపు తేల్చాల్సింది ఈ పిల్లలే. అర గ్రాము అని రాసేయమని ఇంట్లోనే నేర్పితే, ఎవరి కొలతను ఎవరు నమ్మాలి? అందుకే రెండో ప్రశ్నను, చూసింది చూసినట్టు రాయడాన్ని, నేను మిగతా రెండింటి కంటే పైన పెడతాను.

మా పిల్ల ఆ ఆదివారం ఐదు లీటర్ల కాలువ నీళ్లు విడతలుగా అదే గిన్నెలో పోసి ఇగిర్చింది. గ్యాస్ అయిపోతుందని నాయనమ్మ సణుగుతుంటే దొడ్లో కొబ్బరి డొక్కలతో పొయ్యి వెలిగించారు. సాయంత్రానికి కాటా 213 చూపించింది. నోటుబుక్కులో ఆమె రాసుకున్నది ఇది: ‘బోరు నీళ్లలో మిగిలేది కాలువ కంటే చాలా ఎక్కువ. అదంతా ఉప్పేనో కాదో తెలీదు. ఎన్ని రెట్లో ఈ కాటాతో గట్టిగా చెప్పలేను.’ దాని పక్కన వాళ్లమ్మ ‘వచ్చింది’ అని రాసి సంతకం పెట్టింది.